బంగారం ధర పడింది.. ఈటీఎఫ్‌ల లాకర్లలో బంగారం పెరిగింది! అసలు లెక్క కోట్లలో కాదు, గ్రాముల్లో..

2024 జూలై 23, మంగళవారం. పార్లమెంట్‌లో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ బడ్జెట్ చదువుతున్నారు. బంగారంపై మొత్తం దిగుమతి సుంకం 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గిస్తున్నట్టు ప్రకటించారు. అంతే.. ఎంసీఎక్స్‌లో 10 గ్రాముల ధర ఆ ఒక్కరోజే 4 వేల రూపాయలకు పైగా పడిపోయింది. స్టాక్ మార్కెట్‌లో ట్రేడ్ అయ్యే గోల్డ్ ఈటీఎఫ్‌ల యూనిట్లు కూడా అదే బాట పట్టాయి.

తెలుగు రాష్ట్రాల్లో అప్పుడు ఆషాఢం నడుస్తోంది. ముందు శ్రావణం, పెళ్లి ముహూర్తాలు. నగలు కొనాల్సినవాళ్లకు ఇది శుభవార్తే. మరి అప్పటికే ఫోన్‌లో డీమ్యాట్ యాప్ ద్వారా గోల్డ్ ఈటీఎఫ్ కొని పెట్టుకున్నవాళ్ల సంగతేంటి? స్క్రీన్ మీద ఎర్ర అంకె చూడగానే వాళ్లకు వచ్చే మొదటి ప్రశ్న ఒకటే.. మన బంగారం ఎటు పోయింది?

ఎటూ పోలేదు. ఆ నెల లెక్కలు చూస్తే ఈటీఎఫ్‌ల దగ్గర బంగారం పెరిగింది కూడా. ధర పడటం ఒకటి, లోహం తగ్గటం ఇంకొకటి. ఈ రెండూ వేరు వేరుగా నడిచిన సందర్భాల్లో ఆ జూలై నెల బాగా పనికొచ్చే ఉదాహరణ.

పరకాలలో ఒక కుటుంబం అనుకుందాం..

లెక్క తేలిగ్గా అర్థం కావడానికి ఒక ఊహ. పరకాల చుట్టుపక్కల పత్తి వేసే కుటుంబం. పంట ఏనుమాముల మార్కెట్‌కో, దగ్గర్లోని జిన్నింగ్ మిల్లుకో పోతుంది. డబ్బులు చేతికి వచ్చేది దసరా దాటాకే. రెండేళ్లలో అమ్మాయి పెళ్లి ఉంది. ఇంట్లో బంగారం పెట్టుకోవాలంటే భయం, ఇప్పుడే నగ చేయిస్తే మజూరీ దండగ. అందుకని చదువుకున్న కొడుకు 2024 జనవరిలో లక్షా 20 వేలు పెట్టి గోల్డ్ ఈటీఎఫ్ యూనిట్లు కొన్నాడనుకుందాం.

అప్పుడు 10 గ్రాములు 62 వేల 500 రూపాయల దగ్గర ఉంది. అంటే గ్రాము 6,250. లక్షా 20 వేలకు 19.2 గ్రాములు. షాపుల్లో ఇప్పుడు 10 గ్రాములనే తులం అంటున్నారు కాబట్టి (పాత తులం 11.66 గ్రాములు) రెండు తులాలకు కాస్త తక్కువ.

జూలై 23న 10 గ్రాములకు 4,200 పడిందనుకుంటే, ఈ కుటుంబం ఖాతాలో ఒక్కరోజులో 8 వేల రూపాయల పైన తగ్గినట్టు కనిపిస్తుంది. జనవరి ధరతో పోలిస్తే ఇంకా లాభమే, అది వేరే మాట. కానీ అంతకుముందు రోజు చూసిన అంకె మనసులో ఉంటుంది కదా.

ఇదే కుటుంబం ఈటీఎఫ్ బదులు బిస్కెట్ కొని బీరువాలో పెట్టుకున్నా అదే 8 వేలు తగ్గేది. తేడా ఒక్కటే, బీరువాలో బిస్కెట్ మీద రోజూ ధర రాసి ఉండదు.

సుంకం తగ్గితే ఈటీఎఫ్ ఎందుకు పడింది?

దీనికి జవాబు యూనిట్ విలువ కట్టే పద్ధతిలోనే ఉంది. ఈటీఎఫ్ అంటే మ్యూచువల్ ఫండే, కాకపోతే షేర్‌లాగా ఎక్స్ఛేంజ్‌లో కొనుక్కోవచ్చు, అమ్ముకోవచ్చు. సెబీ నిబంధనల ప్రకారం గోల్డ్ ఈటీఎఫ్ తన ఆస్తుల్లో కనీసం 95 శాతం బంగారం, బంగారంతో ముడిపడిన సాధనాల్లోనే పెట్టాలి. కొనే బంగారం 99.5 శాతం స్వచ్ఛత ఉండాలి. అది కస్టోడియన్ దగ్గర లాకర్లలో ఉంటుంది.

ఆ బంగారానికి రోజూ విలువ కట్టాలి. 2024లో అమల్లో ఉన్న పద్ధతి ప్రకారం మొదట లండన్‌లో ఎల్‌బీఎంఏ ఉదయం ధర తీసుకుంటారు. అది ఔన్సుకు డాలర్లలో ఉంటుంది. ఒక ట్రాయ్ ఔన్సు అంటే 31.1035 గ్రాములు. దాన్ని రూపాయల్లోకి మార్చి, దిగుమతి సుంకం కలుపుతారు. దేశీయ మార్కెట్‌లో ప్రీమియం గానీ డిస్కౌంట్ గానీ ఉంటే అదీ సర్దుతారు.

గుండు అంకెలతో చూద్దాం. ఔన్సు 2,400 డాలర్లు, డాలర్ 83 రూపాయల 70 పైసలు అనుకుంటే గ్రాము సుమారు 6,458 రూపాయలు. దీనికి 15 శాతం సుంకం కలిపితే 7,427. అదే 6 శాతం కలిపితే 6,846. లండన్‌లో ధర కదల్లేదు, డాలర్ కదల్లేదు, లాకర్‌లో బంగారం కదల్లేదు. సంతకం ఒక్కటి మారింది.. గ్రాముకు 581 రూపాయలు పోయాయి. శాతంలో చెప్పాలంటే 7.8.

మరి మార్కెట్‌లో ఆ రోజు 7.8 శాతం ఎందుకు పడలేదు, 5 నుంచి 6 శాతం మధ్యే ఎందుకు ఆగింది? బడ్జెట్‌కు ముందే దేశీయ మార్కెట్‌లో బంగారం డిస్కౌంట్‌లో నడుస్తోంది. అంటే సుంకంతో కలిపి రావాల్సిన ధర కన్నా తక్కువకే అమ్ముడవుతోంది. కొంత దెబ్బ ముందే తగిలేసింది, మిగిలింది ఆ రోజు తగిలింది.

ఇక్కడో విషయం గమనించాలి. గోల్డ్ ఈటీఎఫ్ ప్రపంచ బంగారం ధరను అనుసరిస్తుందని చాలామంది అనుకుంటారు. భారతీయ ఈటీఎఫ్ అనుసరించేది ఇండియాలో బంగారం ధరను. అందులో లండన్ ఉంది, డాలర్ ఉంది, ఢిల్లీ కూడా ఉంది. 2022 జూలై 1న సుంకం 10.75 నుంచి 15 శాతానికి పెంచినప్పుడు ఈటీఎఫ్ పట్టుకున్నవాళ్లు కూర్చున్నచోటే లాభపడ్డారు. రెండేళ్ల తర్వాత అదే తలుపు ఇటువైపు తెరుచుకుంది.

యూనిట్ చేతులు మారితే బంగారం కదలదు

పరకాల కుర్రాడు తన యూనిట్లు అమ్మితే, పుణెలో ఇంకెవరో కొన్నారనుకుందాం. ఫండ్ దగ్గర బంగారం తగ్గిందా? లేదు. పేరు మారింది, అంతే. రోజంతా కోట్ల యూనిట్లు చేతులు మారినా లాకర్ తలుపు తెరవాల్సిన పని లేదు. టర్నోవర్ అంకె చూసి "జనం బంగారం అమ్మేస్తున్నారు" అనేవాళ్లు పొరబడేది ఇక్కడే. అమ్మిన యూనిట్లు ఎన్నో కొన్న యూనిట్లూ అన్నే కదా.

బంగారం కదిలేది వేరే దారిలో. ఫండ్ సంస్థలు మార్కెట్ మేకర్లను పెట్టుకుంటాయి. ఇవి పెద్ద సంస్థలు. కొనేవాళ్లు ఎక్కువై ఎక్స్ఛేంజ్‌లో యూనిట్ ధర దాని వెనకున్న బంగారం విలువ కన్నా పైకి పోయిందనుకోండి. మార్కెట్ మేకర్ ఫండ్ దగ్గరకు వెళ్లి బంగారమో, దానికి సరిపడా డబ్బో ఇచ్చి కొత్త యూనిట్లు తీసుకుంటాడు. వాటిని మార్కెట్‌లో ఎక్కువ ధరకు అమ్మేస్తాడు. అమ్మకం పెరగ్గానే ధర దిగుతుంది. మధ్యలో మిగిలింది అతని లాభం. ధర బంగారం విలువ కన్నా కిందకు పోతే ఇదే పని తిరగేసి చేస్తాడు.. చౌకగా యూనిట్లు కొని, ఫండ్‌కు తిరిగిచ్చి, విలువ తీసుకుంటాడు.

యూనిట్ ధరను బంగారం పక్కనే నడిపించేది ఈ లాభాపేక్షే. ఎవరో కూర్చుని ధర సరిచేయరు. కొత్త యూనిట్లు పుట్టినప్పుడే ఫండ్ దగ్గర బంగారం పెరుగుతుంది, ప్రధానంగా యూనిట్లు రద్దయినప్పుడు తగ్గుతుంది. అందుకే నిల్వల లెక్కకు అంత విలువ. ధర రోజూ ఊగుతుంది. నిల్వ మాత్రం నిజంగా డబ్బు లోపలికి వచ్చినప్పుడో, బయటకు పోయినప్పుడో తప్ప పెద్దగా మారదు.

ఈ యంత్రం ఎప్పుడూ నున్నగా తిరుగుతుందని కాదు. 2025 అక్టోబర్‌లో వెండి ఈటీఎఫ్‌లకు ఏమైందో గుర్తుండే ఉంటుంది. దేశంలో వెండి దొరకడం కష్టమైంది. కొత్త యూనిట్లు పుట్టించాలంటే ముందు వెండి కావాలి, అది లేదు. కొనేవాళ్లు ఆగలేదు. దాంతో యూనిట్లు వెండి విలువ కన్నా బాగా ఎక్కువకు అమ్ముడయ్యాయి. కొన్ని ఫండ్ సంస్థలు తమ వెండి ఫండ్లలోకి ఒకేసారి పెద్ద మొత్తం తీసుకోవడం తాత్కాలికంగా ఆపేశాయి. ఆ రోజుల్లో తొందరపడి కొన్నవాళ్లు వెండితో పాటు కొరతకు కూడా డబ్బు కట్టారు. దీన్ని ముందే పట్టుకోవాలంటే ఐ-నావ్ అనే అంకె చూడాలి. ఆ క్షణానికి యూనిట్ వెనకున్న లోహం విలువ ఎంతో అది చెబుతుంది. ఎక్స్ఛేంజ్ ధర దానికి ఒకటి, రెండు శాతం పైన కనిపిస్తుంటే ఆగడం మంచిది.

జూలై 2024: 1,337 కోట్లు వచ్చాయి, పెరిగింది 100 కోట్లే!

ఇక అసలు లెక్కకు వద్దాం. మ్యూచువల్ ఫండ్ల సంఘం యాంఫీ ప్రతి నెలా గణాంకాలు ఇస్తుంది. గోల్డ్ ఈటీఎఫ్‌లకు రెండు అంకెలు ముఖ్యం. ఒకటి, ఆ నెల నికరంగా వచ్చిన డబ్బు. రెండోది, నెలాఖరుకు మొత్తం ఆస్తుల విలువ. దీన్నే ఏయూఎం అంటారు.

2024 జూన్ చివర గోల్డ్ ఈటీఎఫ్‌ల ఏయూఎం సుమారు 34,350 కోట్లు. జూలైలో నికరంగా వచ్చిన కొత్త డబ్బు 1,337 కోట్లు. జూన్‌లో వచ్చిన 726 కోట్లతో పోలిస్తే దాదాపు రెట్టింపు. మరి జూలై చివర ఏయూఎం ఎంత ఉండాలి? 35,700 కోట్ల దగ్గర. ఉన్నదెంత? సుమారు 34,450 కోట్లు.

కొత్తగా 1,337 కోట్లు వస్తే, పెరిగింది 100 కోట్లు మాత్రమే. మిగతా 1,200 పైచిలుకు కోట్లు ధర తగ్గుదలలో కరిగిపోయాయి. జూన్ నాటి ఆస్తి మీద అది 3.6 శాతం. బడ్జెట్ రోజు పడింది 5 శాతం పైన కదా, నెల మొత్తానికి 3.6 ఎలా అయింది అంటే.. జూలై మధ్యలో అంతర్జాతీయ ధర అప్పటి రికార్డుకు వెళ్లింది. ఆ పెరుగుదల దెబ్బను కొంత కాచుకుంది.

ఏయూఎం మాత్రమే చూసినవాళ్లకు జూలై నెల చప్పగా కనిపిస్తుంది. "పెద్దగా ఏమీ జరగలేదు" అనుకుంటారు. గ్రాముల్లోకి మార్చి చూడండి. గ్రాము 6,900 చొప్పున లెక్కేస్తే 1,337 కోట్లకు సుమారు 1.9 టన్నుల బంగారం. ధర పడిన నెలలో ఈటీఎఫ్‌లలోకి దాదాపు రెండు టన్నులు చేరింది. ఆగస్టులో మరో 1,611 కోట్లు వచ్చాయి. అంటే మదుపరులు ఎర్ర అంకె చూసి పారిపోలేదు. సుంకం తగ్గింపును సేల్‌లాగా చూశారు. నగల షాపుల ముందు ఏం జరిగిందో డీమ్యాట్ ఖాతాల్లోనూ అదే జరిగింది.

దీనికి ఇంకో కారణం కూడా తోడైంది. ప్రభుత్వ గోల్డ్ బాండ్ల కొత్త విడత 2024 ఫిబ్రవరి తర్వాత రాలేదు. కాగితం రూపంలో బంగారం కావాలనుకునేవాళ్లకు మిగిలిన సులువైన దారి ఈటీఎఫే.

ఇప్పుడు అద్దం తిప్పి చూడండి.. మార్చి 2025

ఎనిమిది నెలల తర్వాత సీన్ పూర్తిగా తిరగబడింది. 2025 మార్చిలో బంగారం పరుగులు పెడుతోంది. రికార్డు మీద రికార్డు. ఆ నెల గోల్డ్ ఈటీఎఫ్‌ల ఏయూఎం సుమారు 55,700 కోట్ల నుంచి 58,900 కోట్లకు పెరిగింది. ఒక్క నెలలో 3,200 కోట్లు! చూస్తే ఏమనిపిస్తుంది? జనం ఎగబడి కొంటున్నారని.

కానీ ఆ నెల నికరంగా డబ్బు బయటకు పోయింది. 77 కోట్లు. ఏప్రిల్‌లో కూడా అంతే, సుమారు 6 కోట్లు బయటకే. హైదరాబాద్‌లో తులం లక్ష రూపాయలు తాకిన నెల అది. గ్రాము 8,900 దగ్గర లెక్కేస్తే మార్చిలో పోయిన 77 కోట్లు 85 కిలోల పైన బంగారం. మొత్తం నిల్వలో ఇది చాలా చిన్న ముక్క, భయపడాల్సినంత లేదు. కానీ దిశ ముఖ్యం. ఆస్తుల విలువ ఎగబాకుతుంటే లోహం కొద్దికొద్దిగా బయటకు నడుస్తోంది. కొందరు లాభం తీసుకుని పక్కకు తప్పుకుంటున్నారు, కొత్తవాళ్లు ధర చూసి జంకుతున్నారు.

రెండు నెలలను పక్కపక్కన పెడితే కథ స్పష్టం. 2024 జూలైలో విలువ దాదాపు నిలబడిపోయింది, బంగారం పెరిగింది. 2025 మార్చిలో విలువ దూసుకెళ్లింది, బంగారం తగ్గింది. హెడ్‌లైన్‌లో కోట్లు మాత్రమే ఉంటే ఈ రెండూ తలకిందులుగా అర్థమవుతాయి. అందుకే వరల్డ్ గోల్డ్ కౌన్సిల్ ఈటీఎఫ్ లెక్కలు ఇచ్చేటప్పుడు డాలర్లతో పాటు టన్నులు కూడా ఇస్తుంది. "ఏయూఎం రికార్డు" అన్న వార్త కనిపిస్తే వెంటనే అడగాల్సింది.. నికరంగా డబ్బు వచ్చిందా, పోయిందా?

టన్నులు పోతే ఎలా ఉంటుందో 2013 చూపించింది

నిల్వలు నిజంగా ఖాళీ అయితే ఏమవుతుంది? దానికి అమెరికా వెళ్లాలి. 2004 నవంబర్‌లో న్యూయార్క్‌లో మొదలైన ఎస్‌పీడీఆర్ గోల్డ్ షేర్స్ ప్రపంచంలోనే అతి పెద్ద గోల్డ్ ఈటీఎఫ్. తన దగ్గర ఎన్ని టన్నులు ఉందో రోజూ చెబుతుంది, కడ్డీల జాబితా కూడా బయట పెడుతుంది. 2012 డిసెంబర్‌లో దాని నిల్వ 1,350 టన్నులు దాటింది. ఏడాది తిరిగేసరికి 800 టన్నుల దగ్గరకు వచ్చింది. 550 టన్నులు బయటకు పోయాయి! ఆ ఏడాది డాలర్లలో బంగారం ధర 28 శాతం వరకు పడింది. 2013 ఏప్రిల్ 15న అయితే ఒక్కరోజే 9 శాతానికి పైగా.

2024 జూలై నాటి మన పతనానికీ, 2013 నాటి పతనానికీ తేడా ఇదే. అక్కడ ధరతో పాటు లోహం కూడా పోయింది. అంటే పట్టుకున్నవాళ్లే నమ్మకం వదులుకున్నారు. ఇక్కడ ధర పడింది పన్ను వల్ల, లోహం పెరిగింది.

అలాగని టన్నులు చూసి ధర ఎటు పోతుందో చెప్పేయొచ్చు అనుకుంటే మాత్రం బోల్తా పడతారు. 2023లో ప్రపంచవ్యాప్తంగా ఈటీఎఫ్‌ల నుంచి 240 టన్నులకు పైగా బంగారం బయటకు పోయింది. ధర మాత్రం పెరిగింది. ఎందుకంటే ఆ ఏడాది కేంద్ర బ్యాంకులు వెయ్యి టన్నులకు పైగా కొన్నాయి. ఈటీఎఫ్ నిల్వలు చెప్పేది ఒక రకం కొనుగోలుదారుల మనసు మాత్రమే. పరకాల బజార్‌లో నగల దుకాణానికి వచ్చే వాళ్ల సంగతి అందులో ఉండదు, బీజింగ్‌లోని కేంద్ర బ్యాంకు సంగతీ ఉండదు.

యూనిట్‌లో నిజంగా ఎంత బంగారం ఉంది?

నిల్వల లెక్కను సొంత ఖాతాకు అన్వయించుకుంటే ఇంకో సంగతి బయటపడుతుంది. చాలామందికి తెలియనిది ఇదే.

మన దేశంలో తొలి గోల్డ్ ఈటీఎఫ్ గోల్డ్ బీస్. బెంచ్‌మార్క్ అనే ఫండ్ సంస్థ తెచ్చింది, 2007 మార్చిలో ఎన్‌ఎస్‌ఈలో లిస్ట్ అయింది. చేతులు మారి ఇప్పుడు నిప్పాన్ ఇండియా దగ్గర ఉంది. యాప్‌లో GOLDBEES అని కొడితే వచ్చేది అదే. మొదట్లో ఒక యూనిట్ అంటే ఒక గ్రాము. 2019 చివర్లో ఒక్కో యూనిట్‌ను వందగా విడగొట్టారు. కాబట్టి ఒక యూనిట్ అంటే గ్రాములో వందో వంతు, 0.01 గ్రాము అని అందరూ చెబుతారు.

పరకాల కుటుంబం లెక్కకు తిరిగి వెళ్దాం. 2024 జనవరిలో యూనిట్ 53 రూపాయల చొప్పున దొరికిందనుకుంటే లక్షా 20 వేలకు 2,264 యూనిట్లు వస్తాయి. 0.01తో గుణిస్తే 22.6 గ్రాములు. కానీ పైన ధరతో లెక్కేస్తే వచ్చింది 19.2 గ్రాములే. మిగతా మూడున్నర గ్రాములు ఏమయ్యాయి?

ఇక్కడ మోసం ఏమీ లేదు. యూనిట్ ధర కూడా తగ్గట్టే తక్కువగా ఉంది, కొన్నవాళ్లు 19.2 గ్రాములకే డబ్బు కట్టారు. అయితే యూనిట్‌లో బంగారం ఏళ్లు గడిచేకొద్దీ కరుగుతూ వచ్చింది. లాకర్ అద్దె, బీమా, ఫండ్ నిర్వహణ.. ఈ ఖర్చులన్నీ ఎక్కడి నుంచి రావాలి? బంగారం వడ్డీ ఇవ్వదు, డివిడెండ్ ఇవ్వదు. ఉన్న బంగారంలోంచే కొద్దికొద్దిగా అమ్మి కట్టాలి. 2024 నాటి సెబీ నిబంధనల ప్రకారం ఈటీఎఫ్ ఖర్చు ఏడాదికి 1 శాతం దాటకూడదు. ఏటా దాదాపు 1 శాతం చొప్పున పదిహేడేళ్లు తీసేస్తూ పోతే వంద గ్రాముల్లో మిగిలేది 84 చిల్లర. లెక్క సరిగ్గా సరిపోతోంది.

అమెరికా ఫండ్‌లోనూ ఇదే కథ. ఒక షేర్ ఔన్సులో పదో వంతుతో మొదలైంది. ఏటా 0.40 శాతం ఖర్చుతో ఇరవై ఏళ్లలో అది 0.092 ఔన్సు దగ్గరకు వచ్చింది. ఖర్చు తక్కువ కాబట్టి కరిగింది తక్కువ.

పరకాల కుటుంబం ఐదేళ్లు ఉంచుకుంటే? ఏటా 1 శాతం ఖర్చయితే 19.2 గ్రాములు 18.26 అవుతాయి. దాదాపు గ్రాము పోయినట్టే. అర శాతం ఖర్చున్న ఫండ్ అయితే పోయేది అందులో సగం. నగ చేయించుకుని లాకర్‌లో పెట్టుకుంటే పోయే మజూరీ, తరుగు కన్నా ఇది తక్కువే. కానీ ఇది ఎక్కడా బిల్లులో కనిపించదు. రోజూ గోరంత చొప్పున ఎన్‌ఏవీలోంచి పోతుంది.

చూసుకోవడం కష్టమేం కాదు. ఫండ్ వెబ్‌సైట్‌లో ఆ రోజు ఎన్‌ఏవీ తీసుకుని, జీఎస్టీ లేని 24 క్యారెట్ల గ్రాము ధరతో భాగించాలి. ఎన్‌ఏవీ 60 రూపాయలు, గ్రాము 7,150 అనుకుంటే యూనిట్‌లో 0.0084 గ్రాము ఉన్నట్టు. దీన్ని తన దగ్గరున్న యూనిట్లతో గుణిస్తే అసలు బరువు వస్తుంది. ఏడాదికోసారి చేస్తే చాలు. ఏటా తగ్గుదల ఫండ్ చెప్పిన ఖర్చు శాతానికి దగ్గర్లో ఉండాలి. రోజువారీ చిన్న తేడాలు వస్తాయి. ఏళ్ల తరబడి ఖర్చుకు మించి తగ్గుతుంటే మాత్రం ఫండ్‌ను అడగాల్సిందే.

పెళ్లికి లెక్క వేసుకునేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. సాధారణ మదుపరి యూనిట్లు ఇచ్చి ఫండ్ నుంచి బిస్కెట్ తెచ్చుకోలేడు. అవి ఎక్స్ఛేంజ్‌లో అమ్మాలి, డబ్బు తీసుకోవాలి, ఆ డబ్బుతో షాపుకు పోవాలి. అక్కడ బంగారం మీద 3 శాతం జీఎస్టీ, పైన మజూరీ. లాభం మీద పన్ను ఉంటే అదీ తీసేయాలి. ఖాతాలో 19 గ్రాములు ఉంటే చేతికి 19 గ్రాముల నగ రాదు.

లాకర్‌లో నిజంగా ఉందని ఎలా తెలుస్తుంది?

ప్రతి ఫండ్ నెల ముగిసిన పది రోజుల్లో పోర్ట్‌ఫోలియో ప్రకటించాలి. వెబ్‌సైట్‌లో ఎక్సెల్ ఫైల్‌గా దొరుకుతుంది. గోల్డ్ ఈటీఎఫ్ ఫైల్ చాలా చిన్నది. బంగారం అని ఒక వరుస, పక్కన పరిమాణం, విలువ, ఆస్తుల్లో శాతం. కింద నగదు. ఈ ఫైల్‌లో చూడాల్సింది పరిమాణం వరుస. గత నెల ఫైల్ పక్కన పెడితే బంగారం ఎంత పెరిగిందో, తగ్గిందో తెలిసిపోతుంది. పరిమాణం కిలోల్లో రాశారా, కడ్డీల్లోనా, గ్రాముల్లోనా అన్నది మాత్రం జాగ్రత్తగా చూడాలి, ఒక్కో సంస్థ ఒక్కోలా రాస్తుంది. నగదు వాటా ఎక్కువగా ఉంటే యూనిట్ బంగారాన్ని అంత దగ్గరగా అనుసరించదు. బంగారం 5 శాతం పెరిగిన రోజు ఆ నగదు పెరగదు కదా.

లోహం నిజంగా ఉందా లేదా అన్నది ఆడిటర్ల పని. ఫండ్ చట్టబద్ధ ఆడిటర్లు ఆరు నెలలకోసారి బంగారాన్ని భౌతికంగా తనిఖీ చేసి ట్రస్టీలకు నివేదిక ఇవ్వాలని సెబీ 2010లోనే చెప్పింది. ఆ నివేదిక మధ్యలో ఉన్న ఆరు నెలలకు నెలవారీ ఫైలే ఆధారం. అందులో కనిపించేది నెలాఖరు ఫొటో మాత్రమే. 2024 జూలై 23 మధ్యాహ్నం ఎవరు అమ్మారు, ఎవరు కొన్నారు అన్నది జూలై 31 ఫైల్‌లో ఉండదు. ఆ రోజు అమ్మినవాళ్ల యూనిట్లు మరుసటి రోజుకు ఇంకొకరి ఖాతాలో ఉన్నాయి, వాటి వెనక బంగారం మాత్రం అదే లాకర్‌లో, అదే కడ్డీలుగా ఉంది.